విదేశీ రిజిస్ట్రేషన్‌కు నర్సు రాసే లేఖ: 'చేశాను'కూ 'సాయపడ్డాను'కూ మధ్య ఉన్న దూరం

'ఇంట్యుబేషన్, సెంట్రల్ లైన్, వెంటిలేటర్, డయాలసిస్, అన్నింటిలోనూ నాకు మంచి నైపుణ్యం ఉంది.' బ్రిటన్ ఆసుపత్రికి దరఖాస్తు పెట్టుకుంటున్న నర్సులు నాకు చూపించే చిత్తుప్రతుల్లో ఇలాంటి వాక్యం తరచూ మొదటి పేరాలోనే ఉంటుంది. రాసిన అమ్మాయి అబద్ధమాడాలనుకోలేదు. ఐసీయూలో రాత్రింబవళ్లు ఆ పనుల మధ్యే ఉంది కాబట్టి అలా రాసింది. కానీ అక్కడ చదివే వార్డు మేనేజరుకు ఆ వాక్యం వేరే అర్థాన్నిస్తుంది. గొంతులోకి ట్యూబు వేసేది డాక్టరు. నర్సు దానికి కావలసినవి సిద్ధం చేస్తుంది, మందు ఇస్తుంది, ఆక్సిజన్ శాతాన్ని కనిపెట్టుకుని ఉంటుంది, ట్యూబును బిగించి కడుతుంది. 'ఇంట్యుబేషన్‌లో నైపుణ్యం' అని చదివిన మేనేజరుకు రెండు అనుమానాలు వస్తాయి. ఈమెకు తన పరిధి తెలియదా, లేక లేనిది రాసిందా? రెండింటిలో ఏది అనుకున్నా దరఖాస్తుకు దెబ్బే.

ఈ లేఖ ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే అది ఎవరికి చేరుతుందో ముందు తేల్చుకోవాలి. బ్రిటన్‌లో నర్సులను నమోదు చేసే సంస్థ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. దాన్ని ఎన్‌ఎంసీ అంటారు, మన నేషనల్ మెడికల్ కమిషన్‌తో దీనికి సంబంధం లేదు. మీరు ఎంత బాగా పనిచేస్తారో వర్ణించే లేఖ ఎన్‌ఎంసీకి అవసరం లేదు. దానికి కావలసినవి వేరు. ఏ కోర్సు చదివారు, ఏ కౌన్సిల్‌లో నమోదయ్యారు, మీ మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా, ఇంగ్లీషు వచ్చా, పరీక్షలు నెగ్గారా అని చూస్తుంది. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ధ్రువీకరణ మీ చేతుల మీదుగా కాక నేరుగా వారికే చేరాలి. ఇంగ్లీషుకు, ఆరోగ్య రంగంవారికి పెట్టే ఓఈటీ పరీక్షలో చదవడం, వినడం, మాట్లాడటంలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్ రావాలి. ఐఈఎల్‌టీఎస్ అయితే మొదటి మూడింటిలో 7, రాయడంలో 6.5. ఇది కాక కంప్యూటర్ మీద రాసే సీబీటీ ఉంటుంది. ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్ష మాత్రం బ్రిటన్ వెళ్లాకే. ఉద్యోగ వీసా మీద వెళ్లినవారు పనిలో చేరిన మూడు నెలల్లోపు దాన్ని మొదటిసారి రాయాలి.

లేఖనూ అనుభవ వివరాలనూ చదివేది ఉద్యోగమిచ్చే ఆసుపత్రి. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ దరఖాస్తులో 'సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్' అనే ఖాళీ ఉంటుంది, మనం కవర్ లెటర్ అనుకునేది అక్కడే రాస్తాం. ప్రకటనతో పాటు 'పర్సన్ స్పెసిఫికేషన్' అనే పట్టిక ఇస్తారు. ఆ ఉద్యోగానికి తప్పనిసరిగా ఉండవలసినవేమిటో, ఉంటే మంచివేమిటో అందులో ఉంటాయి. ఎంపిక చేసేవారు ఆ పట్టికను పక్కన పెట్టుకుని ఒక్కో అంశానికి మీ లేఖలో రుజువు వెతుకుతారు. అందుకే పది ఆసుపత్రులకు ఒకే లేఖ పంపిస్తే పది చోట్లా ఏదో ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది.

చదివేవారు ఇలా ఇద్దరున్నా, మీ గురించిన వాస్తవాలు మాత్రం ఒక్కటే. కౌన్సిల్ ధ్రువీకరణలో ఒక తేదీ, లేఖలో ఇంకో తేదీ, పాత ఆసుపత్రి ఇచ్చే రిఫరెన్సులో మూడో తేదీ ఉంటే వ్యవహారం అక్కడే ఆగిపోతుంది. మన దగ్గర ఈ చిక్కు ఎలా పుడుతుందో ఒక ఉదాహరణగా చూపిస్తాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇద్దరు ముగ్గురి కాగితాల్లోంచి కలిపి అల్లినది.

ఖమ్మం జిల్లా అమ్మాయి. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి, 2019 డిసెంబరులో హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ట్రైనీగా చేరింది. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ 2020 ఫిబ్రవరి మొదట్లో చేతికొచ్చింది. 2021 ఫిబ్రవరి దాకా జనరల్ మెడిసిన్ వార్డు, మార్చి నుంచి 2024 జూన్ చివరి దాకా 14 పడకల మెడికల్ ఐసీయూ. తర్వాత తండ్రికి గుండె ఆపరేషన్ కావడంతో ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్లింది, ఆ సమయంలోనే ఓఈటీకి చదువుకుంది. 2024 డిసెంబరు నుంచి ఖమ్మంలో 50 పడకల ఆసుపత్రిలో పనిచేస్తోంది.

ఆమె తన చిత్తుప్రతిలో హైదరాబాద్ ఉద్యోగం గురించి 'ఐదేళ్ల ఐసీయూ అనుభవం' అని రాసుకుంది. లెక్క వేసి చూద్దాం. చేరిన రోజు నుంచి మానేసిన రోజు వరకు 4 ఏళ్ల 7 నెలలు. అందులో మొదటి రెండు నెలలు రిజిస్ట్రేషన్ లేకుండా చేసినవి. రిజిస్టర్డ్ నర్సుగా ఆమె అనుభవం 4 ఏళ్ల 5 నెలలు. ఐసీయూలో గడిపింది 3 ఏళ్ల 4 నెలలు. 'ఐదేళ్లు' అన్నమాట ఎవరినీ మోసం చేయడానికి రాసింది కాదు, గుండ్రంగా చెప్పుకునే అలవాటు. కానీ కౌన్సిల్ ధ్రువీకరణలో నమోదు తేదీ కనిపిస్తుంది, ఆసుపత్రి రిఫరెన్సులో ఐసీయూకు మారిన తేదీ కనిపిస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఐదేళ్లు ఎక్కడా దొరకవు. ఆ రెండు నెలల్ని దాచవలసిన పని కూడా లేదు. 'ట్రైనీ నర్సు, రిజిస్ట్రేషన్‌కు ముందు' అని విడిగా ఒక వరుస రాస్తే సరిపోతుంది.

మధ్యలో ఐదు నెలల ఖాళీ ఉంది కదా. చాలామంది దీన్ని పూడ్చడానికి ముందు ఉద్యోగాన్ని కాస్త పొడిగిస్తారు, లేదా ఎవరో ఏజెంటు ఇప్పించే అనుభవ పత్రం పెడతారు. ఇంతకంటే ప్రమాదకరమైన పని ఇంకొకటి లేదు. ఎన్‌హెచ్‌ఎస్ నియామకాల్లో కనీసం గత మూడేళ్ల చరిత్రకు రిఫరెన్సులు తీసుకుంటారు, ఖాళీలకు కారణం అడుగుతారు. తప్పుడు పత్రం బయటపడితే పోయేది ఒక ఉద్యోగం కాదు, ఎన్‌ఎంసీ ముందు నిజాయితీ ప్రశ్నార్థకమవుతుంది. అసలు కారణమేమో ఒక్క వాక్యం: 'ఆపరేషన్ తర్వాత నాన్నగారిని చూసుకోవడానికి, ఓఈటీ చదువుకోవడానికి 2024 జులై నుంచి నవంబరు దాకా ఉద్యోగం చేయలేదు.' తండ్రిని చూసుకున్నందుకు అక్కడ ఎవరూ తప్పుపట్టరు.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనకు ఇంటిపేరు ముందుంటుంది. పదో తరగతి మెమోలో అది పూర్తిగా ఉంటుంది, నర్సింగ్ సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరమై కూర్చుంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది, పెళ్లయ్యాక కొందరికి అత్తింటి పేరు వస్తుంది. ఒకే మనిషి నాలుగు కాగితాల్లో నలుగురిలా కనిపిస్తుంది. దరఖాస్తు, లేఖ, అనుభవ వివరాలు అన్నింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్న పేరునే వాడాలి. సర్టిఫికెట్లలో తేడా ఉంటే కౌన్సిల్‌లోనో విశ్వవిద్యాలయంలోనో ముందే సరిచేయించుకోవడం మేలు. సీబీటీ తేదీ దగ్గరపడ్డాక దీనికోసం తిరగడం మొదలుపెడితే నెలలు కరిగిపోతాయి.

ఇప్పుడు అనుభవ వివరాలకు వద్దాం. మన వాళ్లు సాధారణంగా నైపుణ్యాల జాబితా ఇస్తారు: వైటల్స్, క్యాథెటర్, రైల్స్ ట్యూబ్, ఇంజెక్షన్లు, జీఆర్‌బీఎస్, ఈసీజీ. ప్రతి నర్సూ ఇవే రాస్తుంది కాబట్టి ఈ జాబితా ఎవరినీ ఎవరి నుంచీ వేరుచేసి చూపదు. చదివేవారికి మీరు పనిచేసిన వార్డు కళ్లకు కట్టాలి. ఎన్ని పడకలు, ఎలాంటి రోగులు, ఒక షిఫ్టులో మీకు ఎందరిని అప్పగించేవారు, మీ చేతుల్లో ఏముండేది. ఆ అమ్మాయితో కూర్చుని రాయించిన పేరా భావం తెలుగులో ఇస్తున్నాను. అసలు లేఖ ఇంగ్లీషులోనే ఉండాలి.

'14 పడకల మెడికల్ ఐసీయూ. సెప్సిస్, శ్వాసకోశ వైఫల్యం, డయాబెటిక్ కీటోఅసిడోసిస్, పాముకాటు, పురుగుమందు విషప్రభావం వంటి కేసులు. పగటి షిఫ్టులో ఇద్దరు రోగులు, రాత్రి కొన్నిసార్లు ముగ్గురు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి గంటగంటకూ పరిశీలన, సక్షన్, నోటి శుభ్రత, పొజిషన్ మార్చడం సొంతంగా చేసేదాన్ని. నార్ అడ్రినలిన్ ఇన్ఫ్యూజన్‌ను డాక్టరు నిర్ణయించిన రక్తపోటు పరిధిలో పెంచడం, తగ్గించడం నా బాధ్యత. ఇంట్యుబేషన్‌లోనూ, సెంట్రల్ లైన్ వేసేటప్పుడూ డాక్టరుకు సాయపడేదాన్ని. డయాలసిస్ టెక్నీషియన్ యంత్రం నడిపేటప్పుడు రోగి రక్తపోటు, లక్షణాలు నేను గమనించేదాన్ని.'

మొదటి చిత్తుప్రతిలో ఉన్న పనులే ఇవి, క్రియాపదాలు మాత్రం మారాయి. 'సొంతంగా చేసేదాన్ని', 'నిర్ణయించిన పరిధిలో చేసేదాన్ని', 'సాయపడేదాన్ని', 'గమనించేదాన్ని' అన్నవి నాలుగు వేర్వేరు బాధ్యతలు. వీటిని కలిపేయకుండా రాసిన నర్సు మీద చదివేవారికి నమ్మకం కుదురుతుంది. తన పరిధి ఎక్కడ ముగుస్తుందో తెలిసిన మనిషి చేతిలో రోగి భద్రంగా ఉంటాడు, మేనేజరు వెతికేది దాన్నే. పాముకాటు, పురుగుమందు కేసులు రాయాలా వద్దా అని ఆమె సందేహించింది. తప్పకుండా రాయాలన్నాను. అక్కడ అవి అరుదే కావచ్చు. కానీ ఆర్గానోఫాస్ఫేట్ రోగికి అట్రోపిన్ ఇస్తూ, ఊపిరితిత్తుల చప్పుడు, నాడి, కనుపాప గంటల తరబడి గమనించిన నర్సుకు రోగి పరిస్థితి దిగజారడాన్ని పసిగట్టే చూపు ఉంటుంది. ఆ చూపు ఏ వార్డులోనైనా కావాలి.

కొన్ని పదాలు మనకు ఊపిరంత సహజమైనవి, వాళ్లకు అర్థం కానివి. 'జీఆర్‌బీఎస్' అంటే అక్కడ తెలియకపోవచ్చు, 'క్యాపిలరీ బ్లడ్ గ్లూకోజ్' అనాలి. దాని విలువను మనం మిల్లీగ్రాముల్లో చెబుతాం, వాళ్లు మిల్లీమోళ్లలో కొలుస్తారు. మన 180 వాళ్లకు 10. క్యాజువాలిటీని ఎమర్జెన్సీ విభాగం అనాలి. మందులకు బ్రాండు పేర్లు అసలే వద్దు. మన వార్డుల్లో 'పాన్', 'మోనోసెఫ్' అంటే చాలు, లేఖలో అవి పాంటోప్రజోల్, సెఫ్ట్రియాక్సోన్ కావాలి.

పదాల కంటే లోతైన తేడా ఒకటి ఉంది. రైల్స్ ట్యూబ్ కడుపులోకే వెళ్లిందో లేదో తెలుసుకోవడానికి మన దగ్గర చాలాచోట్ల సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి వింటారు. కాలేజీలోనూ అలాగే నేర్పిన రోజులున్నాయి. ఈ పద్ధతిని నమ్మవద్దని ఎన్‌హెచ్‌ఎస్‌కు 2005లోనే భద్రతా హెచ్చరిక వెళ్లింది. ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపించవచ్చు. అక్కడ ట్యూబు నుంచి లాగిన ద్రవం పీహెచ్ 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందో లేదో చూస్తారు, తేలకపోతే ఎక్స్‌రే తీస్తారు. ఒక నర్సు తన లేఖలో గాలి కొట్టి వినే పద్ధతిని గర్వంగా వివరించింది. పది మంచి వాక్యాల మధ్య ఆ ఒక్కటి ఆమెకు ఎదురు నిలిచేది. అలాగని చేయని పీహెచ్ పరీక్ష చేశానని రాయకూడదు. 'ట్యూబు ఫీడింగ్ ఇచ్చాను, స్థానాన్ని ఎక్స్‌రేతో నిర్ధారించాకే మొదలుపెట్టేవాళ్లం' అన్నది మీ ఆసుపత్రిలో నిజమైతే రాయండి. నిజం కాకపోతే ఫీడింగ్ అనుభవం వరకే చెప్పి ఊరుకోండి, ఆ పద్ధతి ఓఎస్‌సీఈకి ముందు నేర్చుకోవచ్చు.

ఇంకో తేడా మనకు కనిపించనే కనిపించదు. మన వార్డుల్లో రోగికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, బెడ్‌పాన్ పెట్టడం ఎక్కువగా ఇంటివాళ్లు చేస్తారు, లేదా ఆయా చేస్తుంది. అక్కడ రోగి పక్కన బంధువు ఉండడు. నర్సింగ్ సహాయకులు ఉన్నా ఆ పని నర్సుదే, దాన్ని తక్కువగా చూడరు. రోగి చర్మం ఎలా ఉంది, పొద్దుటి నుంచి ఎంత తిన్నాడు, ఎంత తాగాడు, లేచి నడవగలుగుతున్నాడా అన్నవన్నీ ఆ సమయంలోనే తెలుస్తాయి. మన దరఖాస్తుల్లో ఈ భాగం ఖాళీగా ఉంటుంది. యంత్రాల గురించి పేజీ నిండా రాసి, రోగి నడుముకు పుండు పడకుండా ఏం చేశారో ఒక్క ముక్క రాయరు. ఐసీయూలో బంధువులను లోపలికి రానివ్వరు కాబట్టి ఈ అమ్మాయి ఆ పనులన్నీ చేసింది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పుండ్లు పడే ప్రమాదాన్ని అంచనా వేసే బ్రేడెన్ స్కేలు నింపడం, మత్తు తగ్గుతున్న రోగికి తానెక్కడున్నాడో చెబుతూ ఉండటం. అవి చెప్పుకోదగినవని ఆమెకు తోచనే లేదు. బ్రిటన్‌లో చాలా వార్డులు వాడుతూ వచ్చినది 'వాటర్‌లో' అనే పేరున్న స్కేలు. ఆ పేరు అరువు తెచ్చుకోవద్దని, తాను వాడిన బ్రేడెన్ పేరే ఉంచమని చెప్పాను. రోగి ప్రమాదాన్ని అంకెలతో అంచనా వేసే అలవాటు ఉందని తెలిస్తే చాలు.

శిక్షణల విషయంలో ఎక్కువ రాయడం కంటే తేదీతో రాయడం ముఖ్యం. బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కార్డులకు రెండేళ్ల గడువు ఉంటుంది. గడువు తీరినదాన్ని ఉన్నట్టు చూపకూడదు, 'ఫలానా నెలలో ముగిసింది, మళ్లీ చేయించుకుంటున్నాను' అనాలి. ఆసుపత్రి లోపల జరిగే ఇన్ఫెక్షన్ నియంత్రణ, మందుల భద్రత తరగతులకు ఎన్ని గంటలో, ఏ ఏడాదో ఉంటే చేర్చాలి. సిర నుంచి రక్తం తీయడం, క్యాన్యులా పెట్టడం మన నర్సులు రోజూ చేస్తారు. అక్కడ వాటికి ఆసుపత్రి విడిగా శిక్షణ ఇచ్చి, పరీక్షించి, అనుమతి ఇస్తుంది. కాబట్టి మీ అనుభవం రాసి, 'మీ ఆసుపత్రి అంచనా పూర్తయ్యాక చేయడానికి సిద్ధం' అని కలపడం సరైన పద్ధతి. మన సర్టిఫికెట్ మీద నర్సు, మిడ్‌వైఫ్ అని రెండూ ఉంటాయి, బ్రిటన్ రిజిస్టరులో మాత్రం మిడ్‌వైఫ్ వేరే భాగం. అడల్ట్ నర్సుగా దరఖాస్తు పెడుతూ మిడ్‌వైఫ్‌ని కూడా అని చెప్పుకోకూడదు. ఎన్‌ఎంసీ పిన్ నంబరు రాకముందు అక్కడ రిజిస్టర్డ్ నర్సు అని చెప్పుకోవడానికీ వీల్లేదు. 'భారతదేశంలో రిజిస్టర్డ్ నర్సును, ఎన్‌ఎంసీ నమోదు జరుగుతోంది, సీబీటీ నెగ్గాను' అన్నదే కచ్చితమైన మాట.

వివరాలన్నీ ఇలా ఒక చోట చేరాక లేఖ పొట్టిగానే ఉండవచ్చు. మొదటి పేరాలో ఏ ఉద్యోగం, మీరెవరు, రిజిస్ట్రేషన్ ఏ దశలో ఉంది. తర్వాత పర్సన్ స్పెసిఫికేషన్‌లోని తప్పనిసరి అంశాలకు జవాబులు. ఆ మధ్యలో మీరు చూసుకున్న ఒక్క రోగి సంగతి, పేరూ గుర్తులూ లేకుండా. ఈ అమ్మాయి మొదట 'నాకు సహానుభూతి, బృంద స్ఫూర్తి ఉన్నాయి' అని రాసింది. దాన్ని తీసేసి ఒక రాత్రి జరిగినది రాయమన్నాను. ఆమె రాసినది దాదాపు ఇలా ఉంది.

'న్యుమోనియాతో చేరి, వెంటిలేటర్ తీసేసిన రెండో రోజు రాత్రి ఒక రోగి శ్వాస నిమిషానికి 18 నుంచి 28కి పెరిగింది. ఆక్సిజన్ ఇంకా 93 శాతం ఉంది కాబట్టి అలారం మోగలేదు. మాట తడబడుతున్నట్టు నాకనిపించింది. వాయుమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ వరుసగా చూశాను. తల వైపు ఎత్తుగా లేపి, డ్యూటీ డాక్టరుకు ఎస్‌బార్ పద్ధతిలో ఫోనులో చెప్పాను. ఆయన వచ్చేలోగా బ్లడ్ గ్యాస్ పరీక్షకు సామగ్రి సిద్ధం చేశాను. మాస్కుతో శ్వాస సాయం మొదలుపెట్టాక ప్రతి పదిహేను నిమిషాలకూ చూసి నమోదు చేశాను. తెల్లవారేసరికి శ్వాస 20కి తగ్గింది. మళ్లీ ఇంట్యుబేషన్ అవసరం రాలేదు.'

ఇందులో తనను తాను మెచ్చుకునే పదం ఒక్కటీ లేదు. అంచనా, ప్రణాళిక, అమలు, ఫలితం చూసుకోవడం అన్న నాలుగు మెట్లూ మాత్రం వరుసగా ఉన్నాయి. నర్సింగ్ కాలేజీలో కేర్ ప్లాన్ రాయించినప్పుడు నేర్చుకున్న మెట్లే అవి, ఓఎస్‌సీఈలో నాలుగు స్టేషన్లు వాటి మీదే ఉంటాయి. ఇంటర్వ్యూలో 'ఆ రాత్రి డాక్టరు వెంటనే రాకపోయి ఉంటే ఏం చేసేవారు?' అని అడిగినా జవాబు ఆమె దగ్గర ఉంటుంది, ఎందుకంటే అది ఆమె గడిపిన రాత్రి. అరువు తెచ్చుకున్న సంఘటన ఈ ప్రశ్న దగ్గరే దొరికిపోతుంది. ఏజెన్సీలు పంచిపెట్టే నమూనా లేఖలు వాడవద్దని నేను చెప్పేది కూడా ఇందుకే. ఒకే సంఘటన నలుగురు అభ్యర్థుల లేఖల్లో ఒకేసారి ఒకే మేనేజరు బల్ల మీదికి చేరితే నలుగురి మాటా పోతుంది.

చివరి పేరాకు రెండు వాక్యాలు చాలు. ఆమె లేఖ ఇలా ముగిసింది: 'ప్రస్తుత ఆసుపత్రిలో నోటీసు గడువు ఒక నెల. ఐసీయూ నర్సింగ్ సూపరింటెండెంట్, ఇప్పటి వార్డు ఇన్‌చార్జి రిఫరెన్సు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇద్దరి ఆసుపత్రి ఈమెయిళ్లూ దరఖాస్తులో ఉన్నాయి.' ఆ ఈమెయిళ్ల కోసం ఆమె పాత ఆసుపత్రికి రెండుసార్లు వెళ్లి రావలసి వచ్చింది. సూపరింటెండెంట్ గారు మొదట తన సొంత జీమెయిల్ ఇచ్చారు. అది చెల్లకపోవచ్చని చెప్పి, ఆసుపత్రి పేరుతో ఉన్న చిరునామా ఐటీ విభాగంలో చేయించుకుని వచ్చాకే దరఖాస్తు పంపింది.